నాన్న దగ్గు, కారు డిక్కీలోని మాత్ర

ఏడో తరగతిలో బడి నన్ను మానేసింది. నేనే మానేశానని మా ఊళ్ళో అంటారుగాని, పుస్తకానికీ నాకూ మధ్య ఇష్టం లేనిది దానికే. నాకు అబ్బిన విద్య ఒక్కటే, ఎవరి గొంతయినా ఇట్టే పట్టెయ్యడం. గేదెల బేరగాడి నత్తి, పాస్టరుగారు ప్రార్థన ముగించే ముందు తీసే దీర్ఘం, మా పెద్దమ్మ శాపనార్థాలు, అన్నీ చేసి చూపించేవాణ్ణి. పదేళ్ళ వయసులో నా దగ్గర అన్నిటికంటే బాగా అమ్ముడుపోయిన సరుకు మా నాన్న దగ్గు.

ఆయనకి క్షయ. వసారాలో నులకమంచం మీద ఒక్కడే పడుకునేవాడు. నన్ను గుమ్మం దాటి రానిచ్చేవాడు కాదు. ఆ దగ్గుకి ఒక వరస ఉండేది. రెండు పొట్టి దగ్గులు, ఊపిరి ఆగినట్టు చిన్న ఖాళీ, తర్వాత లోపల్నించి ఏదో తవ్వుతున్నట్టు ఒక పొడుగుది. దొడ్డి గోడ వెనక పిల్లల్ని పోగేసి ఆ వరసంతా చేసేవాణ్ణి. ఒక సాయంత్రం అందరి నవ్వూ ఒక్కసారే ఆగిపోయింది. తిరిగి చూస్తే నాన్న గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బానే చేశావురా. చివరిది ఇంకాస్త లాగాలి," అన్నాడు.

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఆ వానాకాలమే ఆయన పోయాడు. తర్వాత ఎంతమందిని వెక్కిరించానో లెక్కలేదుగాని, ఆ దగ్గు మాత్రం మళ్ళీ నోట పలికించలేదు.

ముప్ఫయ్యేళ్ళ తర్వాత, ఎనభైల రెండో సగంలో, అది తనంతట తనే వచ్చింది. అప్పుడు మేం టెక్సస్‌లో, డల్లాస్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉన్నాం. నా భార్య నర్సు. ఆవిడ వీసా కాగితాల వెనక వేలాడుతూ వచ్చినవాణ్ణి నేను. ఆవిడ మూడో అంతస్తులో మనుషుల్ని లేపి నిలబెడుతుంటే, అదే ఆసుపత్రి వంటింట్లో నేను రోగులకి పెట్టే జెల్లో అనే తీపి ముద్దని కరిగిపోకుండా నిలబెట్టేవాణ్ణి. పెళ్ళయిన పన్నెండేళ్ళకి పాప పుట్టింది. ఈ కథ నాటికి దానికి ఏడు నెలలు. రాత్రి డ్యూటీ ఆవిడది, రాత్రి పాప నాది. నా ఛాతీ మీద బోర్లా పడుకుంటేనే దానికి నిద్ర.

ఆదివారం మధ్యాహ్నం మా తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చి హాల్లో జరిగేది. ఆరాధన అయ్యాక పార్కింగ్ లాట్‌లో రెండో ఆరాధన. ఒక కారు మీద పులిహోర, ఇంకో కారు దగ్గర డాక్టరుగారు. గుంటూరు వైపు మనిషి, నాకంటే ఓ పదేళ్ళు పెద్ద. మందుల కంపెనీలవాళ్ళు ఆయనకిచ్చిన శాంపిల్ పొట్లాలన్నీ డిక్కీలో ఉండేవి. ఇన్సూరెన్స్ లేనివాళ్ళూ, ఉన్నా పిసినారులూ అక్కడ వరస కట్టేవాళ్ళం. బీపీ చూడ్డం, నాలుక చూడ్డం, పొట్లం చేతిలో పెట్టడం. ఎక్కడా ఒక్క ముక్క రాసుకునేవారు కాదు. అంతా ప్రేమే, కాగితమే లేదు.

అంతకుముందు రెండేళ్ళుగా నేను నీళ్ళు పోయించే బీపీ మాత్ర వేసుకునేవాణ్ణి. ఆ ఆదివారం ఆయన ప్రెషర్ చూసి పెదవి విరిచారు.

"తమ్ముడూ, అది వదిలెయ్. ఇది కొత్తగా వచ్చింది. బాత్రూమ్‌కి పరుగులుండవు."

"అయితే పాటల మధ్యలో లేచి పోవడానికి నాకున్న ఒక్క సాకూ పోయిందండీ."

"నీ గొంతు విన్నవాడెవడూ నిన్ను ఆపడులే, సాకు లేకుండానే వెళ్ళు. మందు ఎక్కణ్ణించి వచ్చిందని ఎవరితోనూ అనకు, నా డిక్కీ చిన్నది."

ప్రెషర్ చక్కగా దిగింది. పరుగులూ తగ్గాయి. ఐదారు వారాలు గడిచాయి.

ఒక రాత్రి పాపని ఛాతీ మీద వేసుకుని పడుకున్నాను. గొంతులో, మింగితే పోనిచోట, ఒక వెంట్రుక అడ్డం పడ్డట్టు గిలిగింత. దగ్గాను. కఫం లేదు, జలుబు లేదు, జ్వరం లేదు. పొడిగా, ఇసుక మీద ఇసుక రాసినట్టు. లేచి కూర్చుంటే కాస్త నయం, వాలితే మళ్ళీ మొదలు. పాప ఉలిక్కిపడి ఏడ్చింది. దాన్ని భుజానికెత్తుకుని హాల్లో తిరుగుతుంటే నా దగ్గు నాకు వినబడింది. రెండు పొట్టివి. ఖాళీ. ఒక పొడుగుది.

నేను చెయ్యలేదు. అది నాలోంచి వచ్చింది. చివరిది సరిగ్గా ఎంత లాగాలో అంతే లాగింది.

వారం తిరిగేసరికి రాత్రికి ఇరవైసార్లు లేస్తున్నాను. డాక్టరుగారు పార్కింగ్ లాట్‌లోనే చొక్కా మీదనుంచి స్టెతస్కోప్ పెట్టి, "లంగ్స్ క్లియర్. చలిగాలి," అని అదే డిక్కీలోంచి సిరప్ తీసిచ్చారు. తాగితే మత్తు వచ్చింది, దగ్గు పోలేదు. మత్తులో దగ్గాను, అంతే తేడా.

ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకి ఏటా చేతి మీద క్షయ పరీక్ష ఉంటుంది. నాది ప్రతిసారీ పొంగేది, చిన్నప్పుడు బడిలో టీకా పొడిచారని చెబితే ఎక్స్‌రే తీసి వదిలేసేవాళ్ళు. ఈసారి దగ్గుతూ వెళ్ళాను. వంటింటి బాస్ రెండడుగులు వెనక్కి వేసి, తేలేదాకా పనిలోకి రావద్దన్నాడు. గవర్నమెంటువాళ్ళ కౌంటీ క్లినిక్‌కి పొమ్మన్నారు.

ఆ సాయంత్రమే గ్యారేజ్ గదిలో చాప వేసుకున్నాను. నా భార్య రాత్రి డ్యూటీలన్నీ మార్పించుకుని పాపని తన దగ్గర పడుకోబెట్టుకుంది. మా ఇద్దరికీ మధ్య ఒక తలుపు. వాళ్ళమ్మ చంకలోంచి పాప దాన్ని అవతలనుంచి అరచేత్తో కొట్టేది. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకునేవాణ్ణి. దిండులోంచి కూడా నాన్నే దగ్గేవాడు. ఒక్కోసారి దగ్గు ఆగిపోయాక కూడా ఆ ఖాళీలో ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టుండేది. వసారా వాసన, తడిసిన నులక వాసన, టెక్సస్ గ్యారేజ్‌లో పెట్రోలు వాసన మధ్యనుంచి వచ్చేది. ఎగతాళి చేసింది తిరిగొచ్చింది, వడ్డీ ఏమీ అడగలేదు, నా బిడ్డని అడిగింది అనుకున్నాను.

క్లినిక్‌లో ఫారం ఇచ్చారు. వాడుతున్న మందులు అన్నచోట లేవని రాశాను. గవర్నమెంటు కాగితం మీద డాక్టరుగారి డిక్కీని ఎలా రాస్తాను? ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. కఫం కావాలని మూడు పొద్దుల కోసం మూడు గిన్నెలు ఇచ్చారు. మూడూ ఖాళీగానే తెచ్చాను.

"ఇది ఖాళీ," అంది క్లినిక్ నర్సు.

"నా దగ్గు కూడా ఖాళీదే మేడమ్, చప్పుడొక్కటే," అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఉప్పునీటి ఆవిరి పీల్పించి ఎలాగో నాలుగు చుక్కలు రాబట్టింది. మైక్రోస్కోప్ కింద పురుగు కనబడలేదుగాని, కల్చర్ అని దాన్ని పెంచి చూడ్డానికి ఇంకా కొన్ని వారాలు పడుతుందంది. "వచ్చే వారం ఇంట్లో నువ్వు మింగేవన్నీ ఒక సంచిలో తీసుకురా. విటమిన్ అయినా సరే, మీ అమ్మమ్మ పంపిన వేరుముక్క అయినా సరే."

సంచి సర్దింది నా భార్య. కరక్కాయ, మిరియాల పొడి, సిరప్, అడుగున బీపీ మాత్రల పొట్లం.

"అదెందుకే? అది దగ్గు మందు కాదుగా."

"మింగేవన్నీ అన్నారు. మీరు మింగట్లేదా?"

"డాక్టరుగారి మాట..."

"డాక్టరుగారి పరువు నేను చూసుకుంటాను. మీ బిడ్డని మీరు ఎత్తుకోండి ముందు."

క్లినిక్ డాక్టరు తెల్లజుట్టు అమెరికన్ ఆవిడ. కరక్కాయని వాసన చూసి పక్కన పెట్టింది. పొట్లం దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది ఎప్పటినుంచి?"

వేళ్ళ మీద ఆదివారాలు లెక్కపెట్టాను. దగ్గుకి ముందు ఐదారు.

ఆవిడ నా భార్యకి చెబుతూ నాకూ అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో ఒక ఎంజైమ్ ఉంటుందట. రక్తనాళాల్ని బిగించే పదార్థాన్ని తయారుచేసేది అదే. ఈ మాత్ర దాని చేతులు కట్టేస్తుంది, నాళాలు సడలుతాయి, ప్రెషర్ దిగుతుంది. అయితే ఆ ఎంజైమ్‌కి ఊపిరితిత్తుల్లో ఇంకో పని కూడా ఉంది. గొంతుని గిలిగింత పెట్టే పదార్థాల్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంటుంది. దాని చేతులు కట్టేస్తే ఆ చెత్త పేరుకుపోతుంది, శ్వాసనాళాల్లో నరాలు ఊరికే చిరచిరలాడతాయి. కారణం అదేనని ఇంకా అందరూ తేల్చలేదుగాని తనకలాగే అనిపిస్తోందంది.

"అందరికీ రాదు. కొందరికి మొదటి రోజుల్లోనే, కొందరికి వారాలూ నెలలూ గడిచాక. పొడిదగ్గు, పడుకుంటే ఎక్కువ. సిరప్‌లకి లొంగదు. ఊపిరితిత్తులు పాడవలేదు. ఇలాంటివి ఈ మధ్యే ఇద్దర్ని చూశాను."

"అయితే ఇవాళే పారేస్తాను," అన్నాను.

"నీ అంతట నువ్వు ఆపి ఊరుకోకు. ప్రెషర్ మళ్ళీ ఎక్కుతుంది. ఇచ్చినవారితో మాట్లాడి మార్చాలి. ఎవరిచ్చారు?"

నేను నేల చూశాను. నా భార్య డాక్టరుగారి ఫోన్ నంబరు చెప్పింది.

అక్కడినుంచే ఫోన్ చేసి ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకున్నారు. కొత్త మాత్ర ఆపి ఆ రోజే పాత నీళ్ళ మాత్రకి మారాలి, వారానికోసారి ప్రెషర్ చూపించుకోవాలి. దగ్గు పోవడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఫోన్ నా చేతికిచ్చారు.

"తమ్ముడూ, నేనిచ్చిన మాత్ర నాకే గుర్తు లేదు. నీ గుండె మీద చెవి పెట్టి కూడా అడగలేదు," అన్నారు డాక్టరుగారు.

కథ అక్కడ అయిపోవాలి. నాకు అవలేదు. మాత్ర మారిన నాలుగో రాత్రి కూడా నాన్న నాలోంచి దగ్గాడు. ఏడో రాత్రీ అంతే. నా భార్య తలుపు దగ్గర నిలబడి, "క్షయ కాదన్నారుగా, లోపలికి రండి," అంది.

"కల్చర్ రిపోర్ట్ రానీ."

"ఎక్స్‌రే శుభ్రం, కఫం శుభ్రం. ఇంకేం భయం మీకు?"

అప్పుడు చెప్పాను. పన్నెండేళ్ళ కాపురంలో చెప్పనిది, దొడ్డి గోడ దగ్గర్నించి మొదలుపెట్టి, తలుపుకి ఇవతల నిలబడే చెప్పాను. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చింది. ఆవిడ చివరిదాకా విని, "ఆయన మిమ్మల్ని గుమ్మం దాటనివ్వలేదన్నారే, మీకు అంటకూడదనేగా?" అంది. ఆ మాట అన్నాక కూడా నేను చాప మీదే పడుకున్నాను.

రెండో వారం దాటాక దగ్గుల మధ్య ఎడం పెరిగింది. పొడుగుది ముందు పోయింది. పొట్టివి కొన్నాళ్ళు ఒంటరిగా తిరిగాయి. మూడో వారం చివర ఒక రాత్రి మెలకువ వచ్చి చాలాసేపు విన్నాను. ఏమీ లేదు. చెవులు రిక్కించి, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూశాను. ఎదురుచూస్తున్నానని తెలిసి ఒళ్ళు జలదరించింది.

ఇంకొన్నాళ్ళకి కల్చర్ రిపోర్ట్ కూడా ఏమీ లేదని వచ్చింది. ఆ సాయంత్రం తలుపు తీసి లోపలికి వెళ్ళాను. పాప తివాచీ మీద కూర్చుని చెంచాతో గిన్నె కొడుతోంది. ఇన్నాళ్ళలో పాకడం నేర్చింది, రెండు పళ్ళొచ్చాయి. చేతులు చాచాను. నా మొహం వంక చూసి, పెదవి వంకర తిప్పి, వాళ్ళమ్మ చీర పట్టుకుని ఏడుపు లంకించుకుంది.

"కొత్త మనిషనుకుంటోంది," అంది నా భార్య. "మెల్లగా వస్తుంది. తొందరపెట్టకండి."

ఎత్తుకోలేదు. దానికి నాలుగడుగుల దూరంలో తివాచీ మీద కూర్చున్నాను. చెంచా నా వైపు జారితే వెనక్కి తోశాను. అది చూసింది. మళ్ళీ నా వైపే తోసింది.