ఫర్లాంగులు ఎటు నుంచి లెక్కపెట్టాలి

జమ్మలమడుగు పాత బంగళా రోడ్డు చెట్ల పునరుద్ధరణకు నా చిన్ననాటి స్నేహితురాలిని పెద్దను చేశారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఇద్దరం కలిసి వృక్షశాస్త్రం చదివాం. ఆమె పులివెందుల కాలేజీలో పాఠం చెబుతుంది, నేను ప్రొద్దుటూరులో. ఆ రోడ్డు మీద నా విద్యార్థుల చేత నిద్రగన్నేరు చెట్లు నాటించింది నేను. వాటికి ట్యాంకరు నీళ్ళ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ నేనే. పెత్తనం మాత్రం ఆమెకు. నన్ను సాయానికి రమ్మన్నారు. కడుపు మండిపోతున్నా వెళ్ళాను. వెళ్ళకపోతే ఆమె ఏం చేస్తోందో నాకెట్లా తెలుస్తుంది?

పని చక్కగా చేస్తోంది, అదే నాకు ఇంకా మంట. రోడ్ల ఆఫీసు నుంచి పాత నాట్ల రిజిస్టరు తెప్పించింది. ఫర్లాంగు ఫర్లాంగుకూ కుడివైపు ఏ జాతి, ఎడమవైపు ఏ జాతి, చెట్టుకూ చెట్టుకూ ఎంత ఎడం, చచ్చిన చోట మళ్ళీ ఏం నాటారు, చింతకాయలు ఎవరు వేలం పాడారు, అన్నీ అందులో ఉన్నాయి. రాసిందల్లా నిజమని అనుకోకూడదని, నిలిచి ఉన్న చెట్లతో, మోళ్ళతో సరిచూడాలని ఆమె మాకు చెప్పింది. ఏ మోడు ఏ జాతిదో తేలితే ఆ చోట ఆ జాతే పెట్టాలి. మొక్కలు బయట కొనకుండా, ఈ రోడ్డు మీద మిగిలిన ముసలి చింతల గింజలతోనే పెంచాలి. పాత వరసలోకి తర్వాత వచ్చిన చెట్టును తీసేయాలి. నాటలేదని రాసిన చోట ఏదైనా పెరిగితే దాన్ని ముట్టుకోకూడదు.

ఇవి విని అందరూ తలలూపారు. నేనూ ఊపాను, పళ్ళు కొరుకుతూ.

ఆమె గీసిన పటంలో నా చెట్లున్న ఫర్లాంగు దగ్గర 'కళ్ళాలు ఉన్నందున నాటలేదు' అని ఉంది. అంటే నా చెట్లకు ఢోకా లేదు. సంతోషించి ఊరుకోవలసింది. కానీ తప్పు కోసం వెతకడం నాకు నిద్రపట్టనంత పని అయిపోయింది. పటం పట్టుకుని రోడ్డంతా నడిచాను. వేప అని రాసిన చోట చింత మోళ్ళు కనిపించాయి. మూడో ఫర్లాంగులో తూము ఉండాలి, లేదు. అవతలి కొసన ముళ్ళకంపలో సగం పూడిపోయిన మైలురాయి మీద సున్నా అంకె చూశాక అర్థమైంది. జమ్మలమడుగు వాళ్ళం అందరం ఆ రోడ్డు బంగళా దగ్గర మొదలవుతుందనే అంటాం. ఆమె అక్కడి నుంచే లెక్కపెట్టింది. రిజిస్టరు రాసినవాళ్ళు ప్రొద్దుటూరు వైపు నుంచి లెక్కపెట్టారు. ఫర్లాంగులు తిరగబడ్డాయి, కుడి ఎడమలూ తిరగబడ్డాయి. ఎంత ఆనందమో! ఇంటికి పోయేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

మీటింగులో అందరి ముందూ చెప్పాను. మైలురాయి, తూము, మోళ్ళు, ఒక్కొక్కటే. ఆమె ముఖం ఎర్రబడుతుందని ఎదురుచూశాను. ఆమె పటం తిప్పి పెట్టి, పెన్సిలుతో మళ్ళీ లెక్క వేసుకుంది. తలెత్తి మెల్లగా అంది.

"నువ్వు చెప్పిందే కరెక్టు మే. అయితే నీ చెట్లు చింత వరసలో పడ్తాండాయి."

తప్పు పట్టే సంబరంలో నా చెట్ల దగ్గర ఏం తేలుతుందో చూసుకోలేదు. మీటింగుకు వచ్చిన రోడ్ల ఆఫీసరు, నియమం ప్రకారం వాటిని కొట్టేయాలన్నాడు. అడ్డుపడింది ఆమే.

"నియమం రాసింది నేనే కదప్పా, నేనే మారుస్తాండా. బాగుండే చెట్టును కొట్టేది వద్దు. ఎవరు నాటిందీ, ఎప్పుడు నాటిందీ రిజిస్టరులో రాద్దాం. అది పడిపోయిన నాడు ఆడ చింత పెడదాం."

అట్లాగే రాసుకున్నారు, నా పేరుతో సహా. మీటింగు అయ్యాక ఆమె నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకుంటే రోడ్డంతా తలకిందులయ్యేదే అంది. అందులో వెటకారం ఉందేమోనని ఆమె ముఖమంతా వెతికాను. ఒక్క పిసరైనా దొరకలేదు. తప్పు దొరికినప్పుడు కూడా ఆమే పెద్దదైంది, నేను కాదు. అది ఇప్పటికీ నాకు అరగడం లేదు.

నా చెట్ల చోటుకని గింజ వేసిన చింతమొక్కలు పెంచే పని నాకే అప్పగించింది. మా కాలేజీ తోటలో ఉన్నాయి, నల్లటి సంచుల్లో, ఏపుగా. నా చెట్లు ఎప్పుడు చస్తాయా అని కాచుకుని ఉన్న మొక్కలు. పొద్దున్నే వాటికి నేనే నీళ్ళు పోస్తున్నాను, తిట్టుకుంటూ.