ట్యాంకు కింద వాల్వు

పెనుకొండలో కూర్చుని అపార్ట్‌మెంట్లకు నీటి పైపులు, మురుగు పైపులు డిజైన్ చేయడం నా పని. గోడల్లో పూడ్చేసే పని కాబట్టి ఎవరూ మెచ్చుకోరు. తిట్టాలనుకుంటే మాత్రం నంబరు ఎలాగో దొరుకుతుంది. హిందూపురం శివార్లలో నేను డిజైన్ చేసిన పదంతస్తుల భవనం నుంచి అలాంటి ఫోనే వచ్చింది.

"ఏమప్పా ఇంజినీరూ, పై ఇంటికి నీళ్ళు రావడంల్యా. పెద్ద మోటారు పెట్టిస్తాం, ఎంత సైజో చెప్పు" అన్నాడు కమిటీ ప్రెసిడెంటు. పట్టుగూళ్ళ వ్యాపారం చేసి మానుకున్న పెద్దమనిషి.

పై అంతస్తులో ఉండేది ఒక ముస్లిం అక్క. ఇంట్లోనే వండి, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకు క్యారియర్లు పంపుతుంది. నేను వెళ్ళేసరికి లిఫ్టులోంచి బిందెలు దించుకుంటూ ఉంది.

"ఈ నెల చూస్తానప్పా. అప్పటికీ రాకుంటే ఇల్లు అమ్మేసి యాడన్నా బాడుగకు పోతా. నీళ్ళు ల్యాకుండా వంటెట్ల చేసేది?" అంది.

వంటింటి కొళాయి తిప్పాను. గాలి బుస్సుమంది, అంతే. మేడెక్కి చూస్తే ట్యాంకు దాదాపు నిండుగా ఉంది. అంటే మోటారు తప్పేమీ లేదు. సంపులోంచి ట్యాంకుకు ఎక్కించడం వరకే దాని పని. ట్యాంకు నుంచి ఇళ్ళకు నీళ్ళు వాటంతటవే పల్లానికి దిగుతాయి. అందుకే ఆ ట్యాంకును మెట్ల గది పైన ఇంకాస్త ఎత్తులో కట్టించాను.

ట్యాంకు కింద వాల్వు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. పొద్దున గంట, సాయంత్రం గంట మాత్రమే తెరుస్తాడట. జనం నీళ్ళు పారబోస్తారని కమిటీ తీర్మానం చేసిందట. నాకు ఒళ్ళు మండింది.

మా లెక్క ఇలా ఉంటుంది. ప్రతి కొళాయికీ, సింకుకూ, కమోడుకూ అది వాడే నీటిని బట్టి ఇన్ని పాయింట్లని, మా భాషలో ఫిక్స్చర్ యూనిట్లని, వేసి కూడుతాం. కానీ కొళాయిలన్నీ ఒకేసారి తెరుచుకోవు. ఒకరు స్నానం చేస్తుంటే ఇంకొకరు నిద్రపోతుంటారు. అందుకని ఆ మొత్తానికి ఒకే సమయంలో ఎంత నీరు పారే అవకాశముందో పట్టికలో చూసి, దానికి తగ్గ పైపు వేస్తాం. ఇక్కడ వాచ్‌మన్ వాల్వు తిప్పగానే ప్రతి ఇంట్లో ప్రతి కొళాయీ తెరుచుకుంటుంది, ప్రతి కొళాయి కిందా ఒక డ్రమ్ము ఉంటుంది. నీళ్ళన్నీ కింది ఇళ్ళ వైపు దూకుతాయి. పైన ఉన్న అక్క దగ్గర పైపులో ఒత్తిడే మిగలదు. మురుగు పైపుకూ ఇదే గతి. డ్రమ్ముల్లోని పాత నీళ్ళు అందరూ ఒకేసారి వంపడంతో కింది ఇంటి స్నానాల గదిలో నీళ్ళు పైకి ఉబికాయట.

కమిటీ మీటింగు పెట్టించి ఇదే చెప్పాను. ధర్మవరం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొన్న ఒకాయన ఒప్పుకోలేదు. "కొళాయి వచ్చినప్పుడు పట్టుకోవల్ల. పుట్టినప్పట్నుంచీ మాకు తెలిసింది అదే."

"రోజంతా ఇడిస్తే ట్యాంకు ఖాళీ అయిపోదా?" అన్నాడు ప్రెసిడెంటు.

"రెండు రోజులకు సరిపోయేట్టు సంపు కట్టించినానన్నా. అదే మీ అందరి డ్రమ్ము. మళ్ళీ ఇంటికొక డ్రమ్ము ఎందుకు?" అన్నాను. ఒక వారం తెరిచి చూద్దామని చివరికి ఒప్పుకున్నారు.

మొదటి రోజు ఘోరం. ఎప్పుడు కట్టేస్తారోనని బకెట్లు, గిన్నెలు కూడా నింపుకున్నారు. అక్క కొళాయిలో చుక్క పడలేదు.

"ఇదేనేమప్పా నీ లెక్క?" అంది. ఆ రాత్రి కూర్చుని లెక్కంతా మళ్ళీ వేసి చూసుకున్నాను.

మరుసటి రోజు పొద్దునకు ఏ ఇంట్లోనూ నింపడానికి పాత్ర మిగల్లేదు. డ్రమ్ములు నిండే ఉన్నాయి కాబట్టి కొళాయిలు మూసుకున్నాయి. పైన అక్క ఇంట్లో సింకు నిండా నీళ్ళు పడ్డాయి. ఆమె బిందెలు బోర్లించింది.

వారం గడిచాక చూసి పోదామని వెళ్ళాను. అక్క కొళాయి కింద బియ్యం కడుగుతోంది. నాకు ఫోన్ వచ్చింది. ప్రెసిడెంటు.

"ఏమప్పా, వారం అయిపోయింది కదా, రాత్రిపూటన్నా కట్టేద్దామని మేడెక్కినా. వాల్వు తిప్పే చక్రం ల్యాదు. ఎవరో ఊడబెరికినారు."

తలెత్తి చూశాను. పొయ్యి పక్క మేకుకు, గరిటెల మధ్య, ఎర్రటి ఇనప చక్రం వేలాడుతోంది. అక్క నన్ను చూసింది, చక్రాన్ని చూసింది. బియ్యం కడగడం మాత్రం ఆపలేదు.

"వాల్వు తెరిచే ఉండాది కదన్నా," అన్నాను ఫోన్లో. "ఇంక చక్రంతో మీకేం పని?"