నడి సాలుకు పడని యూరియా

తిరువూరు కాలేజీ వాళ్లు సెమినారుకు పిలవగానే, వాళ్ల యూరియా యంత్రాన్ని తయారుచేసింది నేనేనని వీధంతా చెప్పుకున్నాను. నిజానికి దానికి రెండు బోల్టులు బిగించానంతే. రిటైరైన మాస్టారు ఆ మాత్రం గాలి కొట్టుకోకపోతే ముందు వరుసలో కుర్చీ వేయరు.

పొద్దున గంపలగూడెం దారిలో ఒక రైతు పత్తి చేలో ప్రయోగం. ఆఖరి సంవత్సరం అమ్మాయి ఒకతె మట్టి పరీక్షలు చేయించి, తేమ చెప్పే సెన్సార్లు పాతి, చేనును రంగుల ముక్కలుగా పటం గీసింది. నత్రజని తక్కువున్న ముక్కకు ఎక్కువ యూరియా, ఉన్న ముక్కకు తక్కువ. ట్రాక్టరు ఏ ముక్కలో ఉందో జీపీఎస్ చెబుతుంటే, ఎరువు పెట్టె కింది రోలరు ఆ లెక్కన వేగంగానో నెమ్మదిగానో తిరిగి సాలుకొకటిగా ఉన్న గొట్టాల్లోకి యూరియా గింజలు వదులుతుంది. మధ్యాహ్నం దాని మీద మాట్లాడి ఆమె మార్కులు తెచ్చుకోవాలి.

ట్రాక్టరు తిరిగింది. అన్ని ముక్కలకూ ఎరువు పడినట్టు దాని మీది తెరంతా పచ్చబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

రైతు మాత్రం వంగి నేల చూస్తున్నాడు. "ఏంటండీ మాస్టారూ, నడి సాలుకు గింజ పడలేదే?"

నడి గొట్టంలో వేళ్లు పెట్టి కొబ్బరికాయంత యూరియా గడ్డ లాగాను. అంత కాదులెండి, నిమ్మకాయంత. కొబ్బరికాయ పట్టే గొట్టం ఎక్కడిది! తడిసి జిగటగా, ముక్కు మండే కంపు. ఎరువు బస్తాను ఎవరో మూతి విప్పి వానకు వదిలేశారు.

"తెర మీద పడిందిగా అండీ," అన్నాడు వాళ్ల లెక్చరరు నవ్వుతూ.

ఆ నవ్వు కన్నా గడ్డ కంపు నయమనిపించింది. రోలరు తిరిగిన లెక్కే తెరకు తెలుసు. గొట్టంలో గింజ జారిందో లేదో చూసే సెన్సారు దానికి లేదు. ఆ సంగతి తెలిసిన మనిషే అలా నవ్వాడు. అమ్మాయితో, "తెర మీద బొమ్మ బాగా వచ్చిందమ్మా. గొట్టం ఊసెత్తకు," అన్నాడు.

మధ్యాహ్నం కాలేజీలో, రైతు కూడా కూర్చుని వింటుండగా, ఆమె ఆ బొమ్మ చూపించి చెప్పేసింది. "ఇది మనం యంత్రానికి చెప్పిన లెక్క. చేలో పడింది కాదు. నడి సాలుకు ఏమీ పడలేదు."

నేను లేచి సింహంలా గర్జించాను. అబద్ధం. "నిజమే, గడ్డ నేనే లాగాను," అని గొణిగాను.

లెక్చరరు మార్కులు సగానికి కోసి కాగితం నా ముందుకు తోశాడు. బయటి పరీక్షకుణ్ణి నేనే.

"తప్పు పట్టుకున్న పిల్లకు కోతా? నేను సంతకం పెట్టను."

"మీ సంతకం లేకపోతే చెల్లదు సార్."

"చెల్లకపోనీ."

బయట అతిథులకు భోజనాలు చల్లారిపోతున్నాయి. అతను మూతి ముడిచి అంకె కొట్టేసి పెద్దది వేశాడు. న్యాయం కోసం కాదు, బిర్యానీ కోసం. ఛీ అనుకుంటూనే సంతకం పెట్టాను.

అమ్మాయికి చెబుదామని చూస్తే గదిలో లేదు. బకెట్టులో పొడి యూరియా పోసుకుని, నడి సాలుకు చేత్తో వేయడానికి రైతు బండెక్కి వెళ్లిపోయింది.