చెల్లని మాత్ర

మా ఆయన నూలు మిల్లుల్లో యంత్రాలు బిగించే పని చేస్తాడు. కోయంబత్తూరులో ఆ పనికి కొదవ లేదనుకుంటారు అందరూ. కొదవ లేదు గానీ, యంత్రాలు తయారయ్యేది ఇక్కడ, బిగించేది ఎక్కడో. గుజరాత్‌లో కొత్త మిల్లు లేస్తే అక్కడికి, ఒడిశాలో లేస్తే అక్కడికి. సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఆయనకే తెలియదు. రైలెక్కి కూర్చున్నాక ఫోన్ చేస్తాడు, "పిల్లా, వస్తా ఉండాను" అని. ముందుగా చెబితే ఆయన సొమ్మేం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా పాప ఆపరేషన్‌తో పుట్టింది. ఆ రోజు నాకు నెత్తురు ఆగలేదు, బతకడమే గొప్ప అన్నారు. కొన్నేళ్ల వరకు ఇంకో కాన్పు మాటే వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పి, పాప పాలు మానాక గర్భనిరోధక మాత్రలు రాసింది. అప్పటి నుంచి వంటింటి గూట్లో, మెంతుల డబ్బా వెనక, ఆ మాత్రల అట్ట ఉండేది. సాయంత్రం దీపం పెట్టగానే ఒక మాత్ర వేసుకునేదాన్ని. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి ఆ మాత్ర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఎప్పుడు వస్తాడో తెలియదు కనుకనే రోజూ వేసుకోవాలి. రాస్తుంటే సిగ్గుగానే ఉంది కానీ, పూజ కన్నా శ్రద్ధగా చేసేదాన్ని ఆ పని. మాత్ర మింగినప్పుడల్లా ఇవాళ కాకపోతే రేపైనా వస్తాడని మనసుకు చెప్పుకున్నట్టుండేది.

ఒక ఏడు ఆడి నెలలో వచ్చాడు. మీరు ఆషాఢం అంటారు, మాకు తమిళవాళ్ల మధ్య ఉండి ఉండి అది ఆడి అయింది. సరిగ్గా అప్పుడే నాకు పంటి చిగురు వాచి, చెంప ఉబ్బి, నోరు తెరవలేకుండా ఉన్నాను. పళ్ల డాక్టరు అమాక్సిసిలిన్ రాశాడు. మా ఆయన రైల్లో ఉండగా నేను ఆ మాత్రలు మింగుతున్నాను.

తిరుమంగళం నుంచి మా వదిన కూడా అప్పుడు మా ఇంట్లోనే ఉంది. మా ఆయనకు అక్క, ముగ్గురు బిడ్డల తల్లి, ఏ విషయం మీదైనా తీర్పు చెప్పగల మనిషి. అమాక్సిసిలిన్ అట్ట చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమ్మే, ఇది యాంటీబయాటిక్ గదా? ఇది మింగితే నీ ఇంకో మాత్తిరె చెల్లదు, తెలుసునా? నా మూడోవాడు ఎట్ల పుట్టినాడనుకుంటివి? కాయచ్చల్‌కి, అదే జ్వరానికి, యాంటీబయాటిక్ ఇచ్చిరి, ఆ నెలే నిలిచిపోయె."

"శరి వదినా, ఎన్ని దినాలు చెల్లదు?"

"ఇంగ ఈ నెల మాత్తిరె అట్ట అయిపోయేదాకా నమ్మబాకు. నీ ఒంటికి ఇంకో కాన్పు తాళుతుందా? తమ్ముడితో నేను చెప్పేనా, నువ్వే చెప్పుకుంటావా?"

నేనే చెప్పుకుంటానన్నాను. అక్క నోట ఆ మాట వింటే ఆయన వచ్చిన రైలే ఎక్కి వెళ్లిపోయేవాడు.

వేరే దారి లేదా అంటే ఉంది, మగవాళ్ల తొడుగు. దాన్ని అమ్మే మందుల అంగడి మా వీధి మొదట్లోనే ఉంది. కానీ అంగడి మా ఆయన చిన్నాన్నది. ఆ వీధంతా మా తెలుగువాళ్లే, ఏ తలుపు తట్టినా ఎవరో ఒకరికి మామో చిన్నాన్నో అవుతాడు. ఆయన మగాడిలా బయలుదేరి వెళ్లాడు, దగ్గు బిళ్లలు కొనుక్కుని వచ్చాడు. "చిన్నాన్నే కూర్చోనుండాడు, ఏమి కావాలరా అని అడిగె, దగ్గు వచ్చేసింది" అన్నాడు. ఊళ్లో ఇంకో మందులషాపు లేదా అని విసుక్కున్నాను. మర్నాడు బస్సెక్కి వేరే పేటకు వెళ్లాడు, అక్కడ కౌంటర్లో ఆడపిల్ల ఉందట, అక్కడి నుంచీ బిళ్లలే తెచ్చాడు. అన్ని దగ్గు బిళ్లలు ఆ ఏడాదంతా పాప చప్పరించినా అయిపోలేదు.

కాబట్టి మా ఇద్దరి మధ్య పాపను పడుకోబెట్టాను. రెండో రోజు నుంచి ఆయన చాప తీసుకుని వసారాలోకి వెళ్లిపోయాడు. దగ్గరుండి ఏం చేయాలి పిల్లా, అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. ఉదయం ఇడ్లీ పెడుతూ చేయి తగిలితే ఇద్దరం వెనక్కు తీసుకునేవాళ్లం.

ఇది చూసి మా అత్త మురిసిపోయింది. ఆడిలో కొత్త జంటను విడదీస్తారు కదా, అమ్మవారి నెల అని, చిత్తిర ఎండల్లో కాన్పు రాకూడదని. పెళ్లయి ఇన్నేళ్లయినా మేమిద్దరం ఆడి పాటిస్తున్నామని ఆమె అనుకుంది. ఊరికే అనుకుని ఊరుకుందా? కూరగాయల బండి దగ్గర నిలబడి వీధి వీధంతా వినేలా చెప్పింది. "నా కోడలికి భక్తి ఎక్కువమ్మా, మొగుడొచ్చినా ఆడి ఆడే!" పక్కింటావిడ నాకు నిమ్మకాయ ప్రసాదం పంపింది. నేను వంటింట్లో నవ్వలేక ఏడవలేక నిలబడ్డాను.

సెలవు అయిపోయింది, ఆయన వెళ్లిపోయాడు. ఆ తర్వాత కంపెనీ వాళ్లు ఆఫ్రికాలో పెద్ద మిల్లు పని అప్పజెప్పారు. ఆ పని అయ్యాక మంచి సెలవు ఇస్తామన్నారు. నేను గూట్లో మాత్ర మానలేదు. ఆయన మాత్రం రైల్లోంచి ఫోన్ చేయలేదు.

ఆ మధ్యలో నా మెడ కింద ఒక గడ్డ లేచింది. నొప్పి లేదు, చిన్న చింతగింజంత. తగ్గుతుందిలే అని ఊరుకుంటే నిమ్మకాయంత అయింది. సూదితో తీసి పరీక్షకు పంపితే గ్రంథి టీబీ అన్నారు. ఆరు నెలలు మందు వేసుకుంటే పోతుంది, భయం లేదు అన్నారు. ఆయనకు ఫోన్‌లో చెప్పాను. "దీపావళికి వచ్చేస్తాను పిల్లా, పని అప్పటికి అయిపోతుంది" అన్నాడు. టీబీ వచ్చిందన్న బాధ కన్నా ఆ మాట తెచ్చిన సంతోషమే నాకు ఎక్కువైంది, ఏం చెప్పను.

మందులు మొదలుపెట్టే రోజు వదిన తోడుగా ఆస్పత్రికి వచ్చింది. బల్ల మీద కూర్చుని, పిలుపు కోసం చూస్తూ ఆమె చెవిలో అడిగాను.

"వదినా, ఆ మాత్ర సంగతి?"

"ఇది టీబీ మాత్తిరె, యాంటీబయాటిక్ కాదు గదా. భయపడబాకు. నీ మాత్తిరె చెల్లుతుంది, తమ్ముడు వచ్చినా ఇంగ భయపడే పని లేదు."

ఆ తీర్పు వినగానే నా ప్రాణం కుదుటపడింది. దీపావళి గురించి ఆలోచించుకుంటూ లోపలికి వెళ్లాను.

ఇక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, తమిళంలో నెమ్మదిగా మాట్లాడింది. కొత్త మందులు రాసే ముందు ఇంకేం మందులు వేసుకుంటున్నావని అడిగింది. గర్భనిరోధక మాత్ర అని చెప్పాను. రాస్తున్న పెన్ను ఆపింది.

"దాన్ని ఇక నమ్ముకోకూడదు. ఈ మందుల్లో రిఫాంపిసిన్ ఉంది. అది కాలేయాన్ని తొందరపెడుతుంది. నీ మాత్రలోని హార్మోన్ పని చేయకముందే కాలేయం దాన్ని విరిచేస్తుంది. రోజూ తప్పకుండా వేసుకున్నా గర్భం రావచ్చు."

వదిన కల్పించుకుంది. "టీబీ మాత్ర గదా డాక్టరమ్మా, యాంటీబయాటిక్ అయితేనే గదా ఆ తొందర?"

"ఇదీ యాంటీబయాటికేనమ్మా. అన్నీ ఒకటి కాదు, అంతే. మాత్రను చెడగొట్టే యాంటీబయాటిక్‌లు ఈ రిఫాంపిసిన్, దీని జాతివే. మూర్ఛకు ఇచ్చే మందుల్లో కొన్ని చెడగొడతాయి, కార్బమజిపైన్, ఫెనిటాయిన్ లాంటివి. హెచ్‌ఐవి మందుల్లోనూ కొన్ని. మామూలుగా గొంతుకు, పంటికి, జ్వరానికి ఇచ్చేవి ఏమీ చేయవు."

"మరి నా మూడోవాడు?"

ఆ జ్వరంలో వాంతులు అయ్యాయా, అని డాక్టరమ్మ అడిగింది. వదిన ఆలోచించి, కడుపులో నీళ్లు కూడా నిలవలేదు, వారమంతా కక్కుతూనే ఉన్నాను అంది. అయితే మాత్ర కూడా నిలిచి ఉండదు, అంది డాక్టరమ్మ. యాంటీబయాటిక్ కాదు, వాంతులే అయ్యుండాలి అంది. వదిన తీర్పు ఒకరు కొట్టేయడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు మాత్రం పంటి దగ్గరే చెవులు ఆగిపోయాయి.

"అమాక్సిసిలిన్ అంటే..." అన్నాను.

"దాంతో ఏమీ కాదు."

"మాత్ర చెల్లుతుందా?"

"చెల్లుతుంది. వాంతులు, ఎక్కువ విరేచనాలు లేకపోతే చాలు."

నాకు ఏడుపు వచ్చేసింది. డాక్టరమ్మ జబ్బుకు భయపడ్డానని అనుకుని నా చేయి పట్టుకుంది. జబ్బుకు కాదు. వసారాలో చాప మీద అటు తిరిగి పడుకున్న ఆయన వీపు గుర్తొచ్చింది. ఇడ్లీ గిన్నె దగ్గర వెనక్కు తీసుకున్న చేతులు గుర్తొచ్చాయి. ఆ రోజులన్నీ మావే, ఎవరూ లాక్కోలేదు, మేమే వదిలేసుకున్నాం. ఇప్పుడు ఈ ఒళ్లు పిలిస్తే వినిపించనంత దూరంలో ఆయన ఉన్నాడు.

"మీ ఆయన ఇంట్లోనే ఉంటారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదు. దీపావళికి వస్తాడు."

అప్పటికి మందు నడుస్తూనే ఉంటుంది కనుక కాపర్‌టీ వేయించుకోమంది. దానికి కాలేయంతో పని లేదట, ఈ మందు దాన్నేమీ చేయలేదట. టీబీ మందు ఆపాక కూడా నాలుగు వారాల పాటు ఆ తొందర కాలేయంలో ఉంటుందని, అప్పటిదాకా మాత్రను నమ్మవద్దని రెండుసార్లు చెప్పింది. కాపర్‌టీ ఆ వారమే వేశారు. ఇంటికొచ్చి మాత్రల అట్టను గూట్లోంచి తీసేశాను.

ఆయనకు ఫోన్‌లో అంతా చెప్పాను. ఆడి సంగతి చెప్పినప్పుడు నవ్వాడు, దగ్గు బిళ్లల సంగతికి ఇంకా నవ్వాడు, తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అయితే ఊరికేనే పిల్లా?"

"ఊరికేనే మామా."

"టీబీ మందుకి కన్నీళ్లు కూడా ఎర్రగా వస్తాయంట గదా, ఏడవబాకు, అమ్మ భయపడుతుంది."

"నువ్వొస్తే ఎందుకు ఏడుస్తాను?"

అప్పుడు చెప్పాడు. యంత్రాలు ఓడలో చిక్కుకున్నాయట. దీపావళికి కాదు. ఎప్పటికో ఇంకా చెప్పలేదట.

ఫోన్ పెట్టేసి దీపం వెలిగించాను. చేయి దానంతట అదే మెంతుల డబ్బా వెనక్కు వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. కాపర్‌టీ దాని పని అది చేసుకుంటోంది, దానికి నా చేత్తో పని లేదు. ఇన్నేళ్లూ సాయంత్రం పూట ఆయన కోసం చేయడానికి నాకంటూ ఒక్క పని ఉండేది, ఇప్పుడు అదీ లేదు. కాసేపు గూడు దగ్గరే నిలబడి, ఊరికే ఒక గుక్క నీళ్లు తాగాను.