పటంలో పాపన్న కళ్లు

సవితకు భయం తక్కువని బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటలో అందరూ అంటారు. తాత, తండ్రి గనిలోకి దిగినవాళ్లు; ఆమె పాత చిత్రాలు బాగుచేసే చదువు చదివింది. పదేళ్లు రోజూ మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లి విసిగిపోయి, ఇంటి ముందుగదిలోనే బల్ల వేసుకుంది. ముసలోళ్ల పటాల బూజు దులుపుతుందని వీధి ఎగతాళి. ఆ బుధవారం మాత్రం ఆమెకూ భయం వేసింది.

బల్లమీద ఉన్నది బైరకూరు పాపన్న. డెబ్బై ఏళ్ల కింద గనిలో రాయి పేలి ప్రాణం పోయినవాడు. తలపాగా, నల్లకోటు, పొగకు మసకబారిన ముఖం, సూటిగా చూసే రెండు కళ్లు. గుడ్డమీద నూనెరంగులతో వేసిన పటం. మనవడు ఈశ్వరప్ప తెచ్చి ఇచ్చి, ఒక్క మాట గట్టిగా చెప్పిపోయాడు.

"మాయమ్మ ఆ పటం ముందర కూర్చోని కాఫీ కూడా తాగదు మేడమ్. అంత భయం. పెద్దల పూజకు ఇంగ పది దినాలే ఉండాది. కండ్లకు మాత్రం ఏమీ కాకూడదు."

సవిత ముందు పొగమసిని తడి దూదితో తీసింది. దాని కింద పసుపెక్కిన వార్నిష్. దాన్ని కరిగించే ద్రావకాన్ని కోటు అంచున, తలపాగా మూలన చుక్కంత చోట పరీక్షించింది. దూదికి పసుపే అంటింది, రంగు రాలేదు. నిజానికి ప్రతి రంగునూ విడిగా పరీక్షించాలి. ఒకటి గట్టిగా నిలిచిందని పక్కది నిలవదు. పది దినాలే ఉన్నాయన్న తొందరలో ఆమె కళ్ల దగ్గర పరీక్ష మానేసింది. తన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఎన్ని మాటలు చెబుతుందో!

ఎడమ కంటిమీద దూది ఒక్కసారి దొర్లించింది. తీసి చూస్తే నల్లగా ఉంది.

కిటికీలు మూసి అల్ట్రావయొలెట్ దీపం వేసింది. వార్నిష్ ఉన్నచోట పచ్చగా మెరిసింది. అది పోయిన ఎడమ కంట్లో మిగిలిన రంగు మాత్రం నల్లటి మచ్చలా కనిపించింది. భూతద్దం పెట్టింది. ముఖమంతా సన్నని పగుళ్లు. కంటి రంగు ఆ పగుళ్లలోకి దిగి గడ్డకట్టి ఉంది. అంటే అసలు రంగు ఎండి పగిలిన తర్వాతే ఎవరో పైన వేశారు. వార్నిష్‌లోనే రంగు కలిపి వేసినట్టున్నారు, అందుకే వార్నిష్‌తో పాటు కరిగింది. మళ్లీ పైన వార్నిష్ పూసేసరికి అంతా ఒకటిగా కలిసిపోయింది.

కరిగినచోట అడుగున తెరిచిన కన్ను లేదు. మూసిన రెప్ప ఉంది.

అంటే పాపన్నను చచ్చిపోయాక కూర్చోబెట్టి వేసిన పటం అది. ఇప్పుడు ఒక కన్ను సూటిగా చూస్తోంది, ఒకటి మూసుకుంది. పైరంగు తీయాలన్నా ఉంచాలన్నా ఇంటివాళ్లే చెప్పాలి, ఒకసారి తీశాక మళ్లీ రాదు. అడగకుండానే సగం తీసేసింది. ఫోటోలు తీసింది, చేసిన తప్పును రాసిపెట్టింది, ఈశ్వరప్పకు ఫోన్ చేసింది.

శుక్రవారం పొద్దున మీనాక్షమ్మ వచ్చింది. పాపన్న కూతురు, డెబ్బై అయిదేళ్ల మనిషి. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని, గడప దగ్గరే ఆగిపోయింది.

"తప్పు నాదేమ్మా," అంది సవిత. "అడగకుండా ముట్టినాను. కావాలంటే కుడి కన్ను చూసి మళ్లీ ఈ కన్ను వేస్తాను."

ముసలామె ఒక్కో అడుగూ వేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. చూసింది. మూసిన రెప్పమీదికి వంగింది.

"నాయిన నిద్రపోతా ఉండె," అంది మీనాక్షమ్మ. "నేను చూసినాను. నాకు పన్నెండేండ్లప్పుడు చుట్టాలింటికి పోయి వచ్చేసరికి కండ్లు తెరిచి నన్నే చూస్తా ఉండె. నాయిన లేచినాడని అరిస్తే మాయమ్మ నోటిమీద కొట్టింది. అప్పుడూ ఇట్లే ఉండె, నీకే పిచ్చి పట్టింది అనె. అరవై ఏండ్లు ఆ కండ్లకు భయపడే బతికినాను."

"పెండ్లికి నిన్ను చూసేకి వచ్చేవాళ్లు శవం పటం అపశకునమంటారని అవ్వే కండ్లు వేయించి ఉంటుందిలేమ్మా," అన్నాడు ఈశ్వరప్ప మెల్లగా.

"ఏమైనా కానీ. నాకు పిచ్చి లేదు గదా?" అని ఆమె సవితను అడిగింది.

సవిత భూతద్దం ఆమె చేతికిచ్చి, పగుళ్లలోకి దిగిన రంగును చూపించింది. "లేదమ్మా. పైన వేసినారు. ఇదే సాక్ష్యం."

పైరంగు తీయొచ్చని సవిత రాసిచ్చిన కాగితంమీద మీనాక్షమ్మ వేలిముద్ర వేసింది. "ఆ కన్ను కూడా మూసెయ్ తల్లీ."

ఈసారి సవిత ముందు సూదిమొనంత చోట పరీక్షించి, తర్వాతే దూది దొర్లించింది. మధ్యాహ్నానికి రెండో రెప్ప బయటపడింది. మీనాక్షమ్మ కుర్చీ లాక్కుని పటానికి సరిగ్గా ఎదురుగా కూర్చుని, కాఫీ అడిగింది.