ఫ్రిజ్ పుస్తకంలో పసుపు పట్టీ

ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో మా ఆఫీసు పని గురించి వింటే ఎవరికైనా ఆవలింతలొస్తాయి. ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్‌ల వెంట వచ్చే జాగ్రత్తల పుస్తకాలను ఇంగ్లీషులోంచి వేరే భాషల్లోకి మార్పించడం మా పని. ఇండోనేషియన్‌కు మాకున్నది లీడ్స్‌లో ఉండే ఒక్క ఆవిడే. ఆమెకు పంపేది వాక్యాలు మాత్రమే. పాత పుస్తకంలోని వాక్యమే మళ్లీ వస్తే, సాఫ్ట్‌వేర్ పాత అనువాదాన్నే అక్కడ పెట్టి తాళం వేసేస్తుంది. బొమ్మలూ, ప్రమాదం ఎంతటిదో చెప్పే రంగు పట్టీలూ ఇక్కడ పేజీలు కూర్చే హైదరాబాద్ కుర్రాడు అతికిస్తాడు. వాక్యం ఆవిడది, బొమ్మ ఇతనిది. రెండూ కలిపి చూసే మనిషే లేడు. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, దొరికితే నాలుగు దులిపేద్దును.

ఆ పొద్దున ఒక ఫ్రిజ్ పుస్తకం రెండో ముద్రణకు వెళ్లాలి. ప్లగ్ గురించి ఒక్క వాక్యం మారింది, అంతే.

"ఈసారి పేజీలు కూడా చూపిస్తారా?" అని వీడియో కాల్‌లో అడిగింది ఆవిడ. "ఈ ఫ్రిజ్ ఇండోనేషియాలో ఉన్న మా చెల్లెలి చేత నేనే కొనిపించాను, దాని పుస్తకం నేనే రాశానని గొప్పలు చెప్పుకొని."

నవ్వుకున్నాం. చూపిస్తే పోయేదేముందని కుర్రాడు ఇంగ్లీషు పేజీ, ఇండోనేషియన్ పేజీ స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాడు. ఆవిడ నవ్వు ఠక్కున ఆగిపోయింది.

మంచు తీయడానికి కత్తి వాడొద్దన్న వాక్యం రెండింటిలోనూ ఉంది. ఇంగ్లీషులో దాని మీద నారింజ రంగు పట్టీ ఉంది, అంటే ప్రాణమే పోవచ్చని. పక్కన త్రికోణంలో మంట బొమ్మ. ఈ ఫ్రిజ్ గొట్టాల్లో తిరిగేది మండే గ్యాస్ మరి, కత్తి గుచ్చుకుంటే బయటికి వస్తుంది. ఇండోనేషియన్‌లోనూ అదే నారింజ పట్టీ మీద 'పెరింగాతన్', అంటే హెచ్చరిక, అని ఉండాలి. కానీ అక్కడున్నది పసుపు పట్టీ, దాని మీద 'పెర్హాతియన్'. చిన్న దెబ్బ తగలొచ్చు, చూసుకోండి అని. బొమ్మ కూడా మంట కాదు, తెగుతున్న చెయ్యి. ఎప్పటిదో, మండని గ్యాస్ వాడిన పాత మోడల్‌వి ఆ బొమ్మలు.

కుర్చీ కుర్రాడి వైపు తిప్పాను.

"ఇదేంట్రా తమ్ముడూ?"

"నేనేం జేసిన అక్కా! ఇండోనేషియన్ ఫోల్డర్ల ఏమున్నయో గవే పెట్టిన. నాకా భాష ఏమొస్తది?"

"రంగుకి భాషేంట్రా! మొదటిసారి అచ్చేసిందాంట్లో ఏముంది?"

వాడు పాత ఫైలు తెరిచాడు. "గదే పేజీ అక్కా."

అంటే అక్కడ జనం ఇళ్లల్లో ఉన్న పుస్తకమూ ఇదే. ఆవిడ చెల్లెలింట్లో ఉన్నదీ ఇదే.

ఆవిడ వెంటనే ఫోన్ అందుకుంది. అక్కడ వంటవేళ. చెల్లెలి గొంతు స్పీకర్‌లో హాయిగా, తీరిగ్గా వినిపించింది. ఆ భాషలో పట్టీల మీది పదాలు తప్ప నాకు ఒక్క ముక్క తెలియదు. రెండు మాటలు అయ్యాయో లేదో, ఆవిడ కుర్చీలోంచి లేచిపోయింది.

"బహాయా! బహాయా!"

ఈ పదం నాకు తెలుసు, ప్రమాదం అని. మాకున్న మూడు పట్టీల్లో అన్నిటికంటే పైది, ఎర్రది. తప్పించుకోకపోతే చావు ఖాయం అన్నప్పుడే వాడతాం. అప్పటిదాకా నాకది కాగితం మీది రంగే. ఒక మనిషి గొంతు చించుకుని అలా అరుస్తుంటే వినడం అదే మొదలు. దేవుడా, ఎవరికీ ఏమీ కాకూడదు అనుకుంటూ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

అటునుంచి కుర్చీ పడిన చప్పుడు, తలుపు చప్పుడు, పిల్లాడి ఏడుపు. తర్వాత వీధిలో మోటార్‌సైకిళ్ల మోత. ఆవిడ కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది.

కాసేపటికి చెప్పింది. చెల్లెలు అప్పుడే కత్తితో మంచు గీకుతుంటే బుస్సుమని గాలి వచ్చిందట. ఫ్రిజ్ పాడైందేమో, తర్వాత చూద్దాంలే అని కిటికీలు మూసి ఉన్న వంటింట్లో పొయ్యి వెలిగించబోతోంది. స్టవ్ జోలికి వెళ్లకు, స్విచ్ ముట్టుకోకు, ప్లగ్ పీకకు, తలుపు తీసి పిల్లాడితో బయటికి పరుగెత్తు అని ఈవిడ అరిచింది.

ముద్రణ ఆపించాను. ఇప్పటికే అమ్మిన ఫ్రిజ్‌లన్నిటి సంగతీ చూడాల్సిందేనని కంపెనీ వాళ్ల మీద గొంతెత్తి కేకలేశాను.

"నేనంత కష్టపడి రాస్తే, పుస్తకం తెరిచైనా చూడలేదా అని తిట్టాను దాన్ని," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

"ఏమంది?"

"చూశాను కదక్కా, చెయ్యి తెగుతుందని బొమ్మ ఉంది కదా అంది. అందుకే గ్లవ్స్ వేసుకుని గీకిందట."