తడి రోడ్డు మీద ఎరుపు

వాన మొదలవగానే జనం చూరు కిందికి పరిగెడితే, ఆయన కెమెరా పట్టుకుని రోడ్డెక్కేవాడు. అందుకే వీధిలో అందరికీ ‘వాన మావయ్య’ అయిపోయాడు. పాస్‌పోర్టు ఫొటోలు పొట్టకోసం తీసేవాడు. ప్రాణం మాత్రం తడిసిన వీధిలో వెలిగే నియాన్ బోర్డుల మీదే.

అందులో చెయ్యి తిరిగినవాడు. లెన్సు ముందుండే పోలరైజర్ అద్దాన్ని వేలితో కాస్త తిప్పితే తారు మీది తెల్లటి తళుకు తగ్గేది. మరీ తిప్పితే నీళ్లలో పడ్డ బోర్డుల ప్రతిబింబాలు కూడా చెరిగిపోయి రోడ్డు చచ్చినట్టుండేది. ఎక్కడ ఆపాలో ఆ వేలికి తెలుసు. మోకాళ్ల మీద వంగితే రంగులు సాగి సాగి పాదాల దాకా వచ్చేవి. వెలుతురు ఎప్పుడూ బోర్డును చూసే కొలిచేవాడు. లేకపోతే వెలుతురెక్కువై ఫొటోలో ఎర్ర గొట్టం మాడి, నడుమ తెల్లగా తేలిపోతుంది. రంగుల తూకం కెమెరాకు వదలకుండా ఒక అంకె దగ్గర బిగించేసేవాడు.

“దానికి వదిలేస్తే ఫొటోకో మాట చెప్తుంది, మన బంధువుల్లాగా” అని నవ్వేవాడు.

యాభై రెండో ఏట ఒక ప్రచురణ సంస్థ ఆయన ఫొటోలతో పుస్తకం వేస్తామంది. వీధిలోని పాత నియాన్ గొట్టాలన్నీ ఆ వానాకాలం దాటగానే తీసేస్తారట. సరిగ్గా అప్పుడే ఆయనకు క్షయ అని తేలింది. మందులిస్తూ డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది: “వీటిలో ఒక మాత్ర కొందరి కళ్లకు పడదు. రంగుల్లో ఏ కాస్త తేడా కనిపించినా అది ఆపేసి వెంటనే రండి.”

మూడో నెలలో ఒక సాయంత్రం సినిమా హాలు మీది ఎర్ర బోర్డు ఇటుకపొడి రంగులో కనిపించింది. గొట్టం పాతబడిందనుకున్నాడు. పక్కవారం అన్ని ఎరుపులూ పాతబడ్డాయి. అప్పుడు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. మందు మారిస్తే ఆస్పత్రిలో పడుకోబెడతారు, ఈలోగా వాన వెళ్లిపోతుంది, బోర్డులూ పోతాయి. ఇంకొక్క వారం, ఇంకొక్క వాన అనుకుంటూ నెలన్నర గడిపేశాడు.

స్టూడియోలో ప్రింట్లు తీసేది చెల్లెలు. ఒకరోజు ఒక ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఏంటన్నయ్యా ఇది? రోడ్డంతా నెత్తురు పారినట్టుంది!”

“నీ స్క్రీను చెడిపోయుంటుంది.”

ఆమె కాసేపు ఆయన మొహం చూసి, ఒక ఫైలు ఎత్తి పట్టుకుంది. “ఈ అట్ట ఏ రంగు?”

“ఖాకీ.”

చెల్లెలు ఆ పూటే ఆయన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. అది ఎర్ర అట్ట.

డాక్టరమ్మ ఆ మాత్ర అక్కడికక్కడే ఆపేసింది. “కంటి నరం దెబ్బతింది. మొదట్లోనే వచ్చుంటే చాలామందికి చూపు తిరిగొస్తుంది. ఇంత ఆలస్యం చేశాక నేను మాటివ్వలేను.”

తీసిన ఫొటోలను సరిచేద్దామని కూర్చున్నారు. కుదరలేదు. ఎరుపు తన కంటికి ఆనాలని ఆయన ప్రతిదానికీ వెలుతురు ఎక్కువిచ్చాడు. బోర్డులన్నీ మాడిపోయాయి. మాడిన రంగును ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు.

ఆఖరి వానకు చెల్లెలిని వెంటబెట్టుకుని వెళ్లాడు. ఆయన మోకాళ్ల మీద, ఆమె గొడుగు పట్టి వెనక. తళుకు రంగు సంగతి కాదు, వెలుతురు సంగతి కాబట్టి పోలరైజర్ తనే తిప్పుకున్నాడు. కెమెరా తెర మీద రంగుకొకటి చొప్పున కనిపించే గ్రాఫులు ఆమె చదివింది. గీత కుడి అంచును తాకితే ఆ రంగు మాడినట్టే.

“ఎర్రది కుడి అంచుకు కొట్టుకుంటోందన్నయ్యా.”

తగ్గించాడు. “ఇప్పుడు?”

“అంచుకు ఇవతలే ఉంది.”

“నీళ్లలో ఎరుపెలా ఉంది?”

“బాగుంది.”

“బాగుందంటే? బోర్డు మీదకంటే ముదురుగా ఉందా? పక్కనున్న నీలాన్ని మింగేస్తోందా, దానితో సర్దుకుపోతోందా?”

“నాకవన్నీ తెలీవన్నయ్యా. ఎర్రగా ఉంది. అంతే.”

వాన తగ్గేదాకా ఆమె చదివిన గ్రాఫుల్నే నమ్మి మీట నొక్కుతూ పోయాడు.

పుస్తకం వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక పెద్దమనిషి స్టూడియో దాకా వచ్చి, “ఈ ఎరుపు ఎలా పట్టారండీ!” అని చేతులు పట్టుకున్నాడు. ఆయన పేజీ వైపు చూశాడు. బురద రంగు వీధిలో బురద రంగు దీపం. “గ్రాఫు చూసి” అన్నాడు. వచ్చినాయన అది వినయమనుకుని ఇంకా మురిసిపోయాడు.

రెండో పుస్తకం అడిగితే వద్దన్నాడు. క్షయ నయమైంది. కంటి పరీక్షకు మాత్రం మూడు నెలలకోసారి వెళ్తూనే ఉన్నాడు. రంగు చుక్కల మధ్య అంకె దాగిన కాగితం డాక్టరమ్మ ఎదురుగా పెడుతుంది.

“ఏమైనా కనిపిస్తోందా?”

చాలాసేపు చూస్తాడు. ఊహించి ఏదో ఒక అంకె చెప్పేయాలనిపిస్తుంది కూడా.

“చుక్కలేనమ్మా” అంటాడు.